షూస్ కొన్నారని ప్రకటనకు ఎలా తెలుస్తుంది?

ఫోన్‌లో ప్రకటన నొక్కి, షాపు వెబ్‌సైట్‌లో 1,500 రూపాయల షూస్ కొన్నారనుకోండి. అది ఆ ప్రకటన వల్లే జరిగిందని ఎలా తెలుస్తుంది?

ఆర్డర్ పూర్తయ్యాక వచ్చే పేజీలో ట్రాకింగ్ పిక్సెల్ ఉంటుంది. మొదట్లో అది కంటికి కనబడనంత చిన్న బొమ్మ. ఇప్పుడు ఎక్కువగా చిన్న కోడ్. పేజీ తెరుచుకోగానే మీ బ్రౌజరే ప్రకటనల కంపెనీకి కొనుగోలు కబురు పంపుతుంది. కుకీలోని గుర్తింపు సంఖ్య కూడా వెంట వెళ్తుంది. ప్రకటన నొక్కినప్పటి సంఖ్యతో అది కలిస్తే లెక్క కుదిరినట్టే.

ఇప్పుడు ఆ లెక్క చాలాసార్లు ఎందుకు కుదరడం లేదు?

2020లో సఫారీ బ్రౌజర్ థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపేసింది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన ఐఓఎస్ 14.5 నుంచి, ఇతర కంపెనీల యాప్‌లు, వెబ్‌సైట్లలో మనల్ని ట్రాక్ చేయాలంటే ఐఫోన్ యాప్‌లు ముందు అనుమతి అడగాలి. యాడ్ బ్లాకర్లు పిక్సెల్‌నే ఆపేస్తాయి.

మరి షాపు సర్వర్ ఏం చేస్తుంది?

బ్రౌజర్‌తో పని లేకుండా షాపు సర్వరే ప్రకటనల కంపెనీకి కబురు నేరుగా పంపుతుంది. కొన్నది మీరేనని పోల్చుకోవడానికి మీ ఈమెయిల్‌ను హాష్ అనే పద్ధతిలో అక్షరాలు, అంకెల వరుసగా మార్చి జతచేస్తుంది. అయితే పిక్సెల్ కూడా పనిచేస్తే ఒకే జతకు రెండు కబుర్లు వెళ్తాయి. అందుకే రెండింటికీ ఒకే `event_id` ఇస్తారు. అది మరిచిపోతే ప్రకటనల రిపోర్టులో రెండు అమ్మకాలు కనిపిస్తాయి. షాపు ఆర్డర్ల జాబితాతో పోలిస్తే తప్పు బయటపడుతుంది.

సర్వర్ దారి ఉందని అనుమతి అక్కర్లేదనుకోకూడదు. మీరు ట్రాకింగ్ వద్దంటే షాపు ఆ మాట మన్నించాలి. అప్పుడు మిగిలే ఖాళీని ప్రకటనల కంపెనీలు అంచనాతో నింపుతాయి. కాబట్టి ఆ రిపోర్టులోని ప్రతి అంకె నేరుగా లెక్కించినది కాదు.