కలం మాట, నోటి మాట

ఎవరో తలుపు తట్టారు. వంటింట్లో ఉన్నావిడ చేతులు తుడుచుకుంటూ "ఊమదమ్!" అని కేకేసింది. ఇరాన్ సినిమాల్లో తరచూ వినిపించే మాట ఇది. ఫార్సీ వ్యాకరణ పుస్తకం తీసి చూస్తే అది భూతకాలం, "వచ్చాను" అని అర్థం. ఆవిడేమో ఇంకా పొయ్యి దగ్గరే ఉంది. సబ్‌టైటిల్‌లో "ఐ కేమ్" అని వేస్తే ఇంగ్లీషు ప్రేక్షకుడికి తలా తోకా తెలియదు. అక్కడ పడాల్సింది "కమింగ్!" అన్న ఒక్క మాట. తెలుగువాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. మనమూ గదిలో చొక్కా తొడుక్కుంటూనే "వచ్చేశా, వచ్చేశా" అంటాం.

ఆ ఒక్క మాటలో ఇంకో సంగతి కూడా ఉంది. పుస్తకంలో అది "ఆమదమ్". నోట్లో "ఊమదమ్" అయింది. తెహ్రాన్ వాడుకలో "ఆన్", "ఆమ్" అనే చోట్ల చాలావరకు "ఊన్", "ఊమ్" పలుకుతుంది. రొట్టె రాతలో నాన్, మాటలో నూన్. ఇల్లు రాతలో ఖానె, మాటలో ఖూనె. తెహ్రాన్‌నే తెహ్రూన్ అంటారు. క్రియలు ఇంకా కుంచించుకుపోతాయి. "వెళ్తాను" అనడానికి రాతలో మీరవమ్, మాటలో మీరమ్. "చెబుతాను" రాతలో మీగూయమ్, మాటలో మీగమ్. "ఇక రానని నాతో అన్నారు" అనే వాక్యాన్ని పుస్తకంలో "ఊ బె మన్ గొఫ్త్ కె దీగర్ నెమీఆయద్" అని రాస్తారు. అదే వాక్యం నోటి మీదికి వచ్చేసరికి "బెమ్ గొఫ్త్ దిగె నెమియాద్" అయిపోతుంది. నేను ఫార్సీ నేర్చుకున్నది పుస్తకాల్లోనే. మొదటిసారి సబ్‌టైటిళ్లు లేకుండా సినిమా చూసినప్పుడు పది వాక్యాల్లో రెండు కూడా అందలేదు. తెలియని మాటలు అందులో పెద్దగా లేవు, తెలిసిన మాటలే ఆనవాలు పట్టలేకపోయాను.

ఇలా మాట్లాడేది ఎవరు అంటే, అందరూ. ప్రొఫెసరూ, టాక్సీ డ్రైవరూ, డాక్టరూ, కూరగాయలమ్మే మనిషీ ఇంట్లో మీరమ్ అనే అంటారు. అనువాదకుడు ముందుగా గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే. రాతతో పోలిస్తే మాట విరిగినట్టు కనిపిస్తుంది. ఆ రూపాలను యథాతథంగా రాయడాన్ని ఇరానీయులు "షెకస్తె" రాత అంటారు, విరిగిన రాత అని. ఆ పేరు చూసి అనువాదకుడు ఇంగ్లీషునూ విరగ్గొట్టి, అడుగడుగునా "గొన్నా", "వాన్నా", "ఐంట్" పెట్టాడంటే, గౌరవంగా బతికే లెక్కల మాస్టారు తెర మీద వీధి రౌడీలా మాట్లాడతాడు. వెళ్ళుచున్నాను అనకుండా వెళ్తున్నా అన్నంత మాత్రాన మనిషి చదువురానివాడు కాడు కదా! మామూలు ఫార్సీకి మామూలు ఇంగ్లీషే సాటి.

గిడుగు రామమూర్తి గారి పోరాటం తర్వాత తెలుగు రాత మాటకు దగ్గరైంది. ఫార్సీలో ఆ ఎడం ఇంకా బాగానే ఉంది. పత్రికలూ, ఆఫీసు ఉత్తరాలూ, టీవీ వార్తలూ నేటికీ పుస్తక భాషలోనే నడుస్తాయి. నవలల్లో కూడా కథనం చాలావరకు అటు, సంభాషణ ఇటు. జమాల్‌జాదె 1921లో తన కథల పుస్తకంలో జనం మాటను ధైర్యంగా వాడి, చివర ఆ మాటలకు అర్థాల పట్టిక కూడా చేర్చాడు. అంటే సొంత జనం మాట సొంత పాఠకులకే రాతలో కొత్తగా ఉన్న రోజులవి. తెర మీదికి ఆ నోటి మాట ఎక్కింది మన దేశంలోనే. మొదటి ఫార్సీ టాకీ "దొఖ్తరె లొర్" 1933లో బొంబాయిలో, అర్దేషిర్ ఇరానీ గారి ఇంపీరియల్ కంపెనీలో తయారైంది. అంతకు ముందు ఏడాదే, 1932లో, అదే ఇరానీ గారు మన తొలి టాకీ "భక్త ప్రహ్లాద" తీయించారు. రెండు భాషలకూ తెర మీద గొంతు వచ్చింది ఒకే గడపలో.

మళ్లీ సబ్‌టైటిళ్ల దగ్గరికి వద్దాం. పుస్తక ఫార్సీ మాత్రమే తెలిసినవాళ్లను పొడుగాటి మాటలు అంతగా ఇబ్బంది పెట్టవు, నిఘంటువు ఉంటుంది. వాళ్లను పడగొట్టేవి చిన్న మాటలు. "దీగర్" అంటే రాతలో "ఇంకొక", "ఇకపై". అదే నోట్లో "దిగె" అయ్యాక విసుగూ, తొందరా, సర్దిచెప్పడమూ అన్నీ మోస్తుంది. "బొరో దిగె!" అంటే "వెళ్ళు మరి!" అని. "కె" అన్నది రాతలో "అని" లాంటి జోడింపు మాట. నోట్లో "మన్ కె గొఫ్తమ్" అంటే "నేను చెప్పానుగా" అని. మన "గా" ఎంత పని చేస్తుందో ఆ "కె" అంత పని చేస్తుంది. పుస్తకం ప్రకారం దాన్ని "చెప్పిన నేను" అని తీసుకుంటే, భార్యాభర్తల గొడవలో ఒకరు ఉన్నట్టుండి ఉపన్యాసం మొదలుపెట్టినట్టుంటుంది. ఇంగ్లీషులో ఆ "గా"కి విడిగా మాట లేదు. "ఐ డిడ్ టెల్ యూ" అని ఆ "డిడ్" మీద బరువు వేయాలి. తప్పు ఎక్కడ జరిగిందో ఫార్సీ రాని ప్రేక్షకుడు కూడా పసిగట్టగలడు. నటుడి ముఖంలో చిరాకు కనిపిస్తుంటుంది, కింద అక్షరాల్లో మాత్రం ఏ చిరాకూ ఉండదు.

ఇక మర్యాద. టాక్సీ దిగేటప్పటి సంభాషణ ఒకటి తీసుకుందాం. ఇరాన్‌లో రోజూ నడిచేదే. "చంద్ షోద్?" ఎంతయింది అని ప్రయాణికుడు. "ఘాబెలీ నదారె" అని డ్రైవరు, అంటే మీ ముందు అదెంత, ఇవ్వక్కర్లేదు అని. "ఖాహెష్ మీకొనమ్", అయ్యో దయచేసి చెప్పండి అని ప్రయాణికుడు. "పంజాహ్ తొమన్" అని డ్రైవరు. మొత్తం నాలుగైదు సెకన్లలో అయిపోతుంది. సబ్‌టైటిల్‌లో వరుసకు సుమారు 42 అక్షరాలు, రెండే వరుసలు. తఆరొఫ్ అనే ఈ మర్యాద పద్ధతిని అక్కడ వివరించే చోటు లేదు. రెండో మాటను "ఇట్స్ ఫ్రీ" అని రాస్తే డ్రైవరు దానకర్ణుడవుతాడు, మరుక్షణమే మాట తప్పినవాడవుతాడు. ఆ మాటే ఎత్తేసి నేరుగా ధర చెప్పిస్తే వాళ్ల బతుకులో ఒక ముక్క పోతుంది. నాకు నచ్చే దారి ఇది: మొదటి కార్డులో "వాట్ డు ఐ ఓ యూ?", దాని కింద "నథింగ్ ఎట్ ఆల్". రెండూ కలిపినా 40 అక్షరాలు దాటవు. తర్వాతి కార్డులో "నో, ప్లీజ్", దాని కింద ధర. కాదన్న వెంటనే ఏ తడబాటూ లేకుండా ధర రావడమే ప్రేక్షకుడికి పాఠం చెబుతుంది, అది ఆనవాయితీ అని.

ఆ ధరలోనూ ఒక చిక్కుంది. రసీదు మీద రాసేది రియాళ్లలో. నోటితో చెప్పేది తొమన్లలో, పది రియాళ్లు ఒక తొమన్. ధరలు పెరిగిపోయాక జనం "వేలు" అనడం కూడా మానేశారు. ఈ మధ్య సినిమాలో "యాభై తొమన్" అంటే యాభై వేల తొమన్లు. 1990 నాటి సినిమాలో అయితే యాభై అంటే యాభయ్యే. కాబట్టి సినిమా ఏ ఏడాదిదో చూడకుండా ఆ అంకె వేయకూడదు.

అందరూ నోటి భాషే మాట్లాడుతున్న చోట ఒక మనిషి పుస్తక భాషలోకి ఎక్కాడంటే అక్కడ ఏదో జరుగుతున్నట్టు. దానికి ఫార్సీలో మంచి పేరుంది, "లఫ్జె ఘలమ్" మాట్లాడటం అని. ఘలమ్ అంటే మన కలమే. కలం మాట నోటితో మాట్లాడటం. కియరొస్తమి 1990లో తీసిన "క్లోజప్"లో హొసేన్ సబ్జియాన్ ఉన్నాడు. పేదవాడు. తాను దర్శకుడు మఖ్మల్‌బాఫ్‌నని ఒక కుటుంబాన్ని నమ్మించి దొరికిపోయిన మనిషి. కోర్టులో అతను కళ గురించీ, బాధ గురించీ చెప్పుకునేటప్పుడు మాట ఆచితూచి, కలం మాటవైపు మొగ్గుతుంది. తనకు దక్కని గౌరవం భాషలోనైనా దక్కించుకోవాలన్న ఆరాటం నాకు అందులో వినిపిస్తుంది. అతని చేత కూడా అందరిలాగే "ఐయామ్ సారీ, ఐ డోంట్ నో" అనిపిస్తే ఆ ఆరాటం మాయమైపోతుంది. అలాగని రాజుల కాలం నాటి ఇంగ్లీషు పెట్టనక్కర్లేదు. నేను నమ్ముకునే ఉపాయం చిన్నది. సినిమా అంతటా మిగతావాళ్లకు "ఐయామ్", "డోంట్" లాంటి కలిపేసిన రూపాలు వాడి, కలం మాట వచ్చిన చోట మాత్రం "ఐ యామ్", "డు నాట్" అని విడదీయడం, వాక్యాన్ని మధ్యలో తెంపకుండా పూర్తిగా నడపడం. అక్షరాలు పెరుగుతాయి, ఇంకెక్కడో కోయాలి. కానీ సినిమా అంతా మామూలు ఇంగ్లీషులో నడిపి ఉంటేనే ఈ తేడా కంటికి ఆనుతుంది. మొదటి నుంచీ "గొన్నా"లు చల్లుకుంటూ వచ్చినా, మొదటి నుంచీ బిగదీసి రాసినా ఇక్కడ వాడడానికి చేతిలో ఏమీ మిగలదు.

ఆడా మగా తేడా ఫార్సీ సర్వనామాల్లో లేదు. రాతలో "ఊ", మాటలో "ఊన్", గౌరవానికి "ఈషూన్". ఎవరి గురించో చెప్పకుండా కథ నడిపే సీన్లో ఇంగ్లీషు "హీ" అనో "షీ" అనో గుట్టు ముందే విప్పేస్తుంది. అలాంటి చోట "సమ్‌వన్" అనో, వాక్యం తిప్పో గట్టెక్కాలి. గౌరవం సంగతి ఇంకా సున్నితం. "తొ" అంటే నువ్వు, "షొమా" అంటే మీరు. నోటి భాషలో ఈ రెంటి మధ్య ఇంకో మెట్టుంది: "షొమా గొఫ్తీ", అంటే "మీరు చెప్పావు" అన్నట్టు. మన చెవికి తప్పులా వినిపించే ఈ కలయికను వాళ్లు చనువూ, మన్ననా రెండూ చూపాల్సిన మనుషులతో హాయిగా వాడతారు. ఇంగ్లీషులో అన్నింటికీ ఒక్కటే "యూ". పిలుపుల్లో ఏదైనా చేయగలమా అని చూడాలి.

ఆ పిలుపు మీదే ఒక సీను నిలబడింది. కియరొస్తమి 1994లో తీసిన "ఆలివ్ చెట్ల మధ్యగా" సినిమాలో, 1990 భూకంపం తర్వాత ఉత్తర ఇరాన్‌లోని ఒక పల్లెలో షూటింగు జరుగుతుంటుంది. కొత్త భార్య వేషంలో ఉన్న తాహెరె, భర్త వేషంలో ఉన్న హొసేన్‌ను "హొసేన్ ఆఘా" అని పిలవాలి. ఆమె ఎన్ని టేకులు తీసినా "హొసేన్" అంటుంది, "ఆఘా" అనదు. బయట ఆ అబ్బాయి ఆమెను పెళ్లి చేసుకుంటానని వెంటపడుతున్నాడు, ఆమె వాళ్లు ఒప్పుకోవడం లేదు. తెలుగులో "హొసేన్ గారూ" అని రాస్తే సీను మొత్తం అర్థమవుతుంది. ఇంగ్లీషులో "మిస్టర్ హొసేన్" అంటే భార్య భర్తను ఆఫీసు గుమాస్తాను పిలిచినట్టుంది, "సర్" అంటే సైన్యంలో ఉన్నట్టుంది. ఇక్కడ "హొసేన్ ఆఘా" అని ఫార్సీ మాటనే ఉంచేయడం మేలని నా అభిప్రాయం. మొదటి టేకులో దర్శకుడు ఆ మాటే అనమని పట్టుబడతాడు, ఆమె అనదు. రెండో టేకుకు ప్రేక్షకుడికి అదొక గౌరవపు పిలుపని తెలిసిపోతుంది. మూడో టేకులో కింద "హొసేన్" అని మాత్రమే పడగానే, ఆమె దాన్ని మళ్లీ మింగేసిందని చదివేవాడికి తెలుస్తుంది.