అడ్వాన్సు అందిన మర్నాడు

ఇంటీరియర్ డిజైనర్‌కు అడ్వాన్సు కట్టిన కుటుంబానికి మొదటి వారమే గుబులెక్కువ. డబ్బు చేయి దాటింది, పని ఇంకా కనబడదు. అందుకే ప్రశ్నల పత్రం మర్నాడే చేరాలి. పెద్ద చిట్టా పంపితే ఎవరూ నింపరు, పది ప్రశ్నలు చాలు. "ఏ స్టైల్ ఇష్టం?" అంటే "సింపుల్‌గా ఉండాలి" అనే జవాబొస్తుంది. దానితో ఏ గీతా గీయలేం. వంట ఎవరు చేస్తారు, వాళ్ల మోచేయి నేల నుంచి ఎంత ఎత్తు, గ్రైండర్ రోజూ వాడతారా, బియ్యం ఎన్ని కిలోలు నిల్వ ఉంచుతారు అని అడగాలి. మోచేయి 40 అంగుళాల ఎత్తులో ఉంటే, గట్టు 35 దగ్గర పెడితే కూరలు తరగడానికి నడుము వంగక్కర్లేదు.

చివరి మాట ఎవరిదన్న ప్రశ్న తప్పనిసరి. భార్యాభర్తల జవాబులు వేరైతే ఇద్దరినీ అప్పుడే కూర్చోబెట్టి మాట్లాడాలి. లేదంటే ప్లైవుడ్ కోశాక ఆ తేడా బయటపడుతుంది.

మొదటి సమావేశం ఆ ఇంట్లోనే జరగాలి. "అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులని రాశారు కదండీ, అందుకే పప్పుల డబ్బాలు కింది అరలో పెట్టడం లేదు" అని డిజైనర్ అంటే, తమ జవాబులు చదివారని వాళ్లకు తెలుస్తుంది. లేచే ముందు డ్రాయింగ్ ఏ రోజు వస్తుందో, ప్రతి శనివారం ఫోన్ చేసేదెవరో రాసివ్వాలి. చెప్పడానికి కొత్త సంగతేదీ లేని శనివారం కూడా ఆ ఫోన్ వెళ్లాలి.