తేడా 1,304 రూపాయలేనా?

సెప్టెంబరు 30తో మూడు నెలల కాలం ముగుస్తుంది. సబ్బులు, నూనెలు, పప్పులు, టీ పొడి అమ్మే ఒక డిస్ట్రిబ్యూటర్ గోదాము ఉందనుకుందాం. ఆ సాయంత్రం అందులో సరుకంతా లెక్కపెట్టారు. మర్నాడు యజమాని బల్ల మీదికి ఒక కాగితం వచ్చింది. ఒక్కో సరుకుకీ ఒక్కో వరుస. అందులో కంప్యూటర్ చెప్పిన సంఖ్య, గోదాములో దొరికిన సంఖ్య, రెంటి మధ్య తేడా, ఆ తేడా విలువ ఉన్నాయి. చివర కారణం రాయడానికి ఖాళీ గడి. దీన్నే వేరియెన్స్ రిపోర్టు అంటారు. అడుగున మొత్తం తేడా 1,304 రూపాయల తరుగు అని ఉంది. గోదాములో ఉన్న సరుకు విలువ 40 లక్షలు. అంటే తేడా వందకు నాలుగు పైసలైనా లేదు.

యజమాని సంతకం పెట్టేసి కాగితం పక్కన పడేయొచ్చు. చాలామంది చేసేదదే. ఈ రిపోర్టును అడుగు నుంచి చదవడంలోనే చిక్కుంది. మొత్తం దగ్గరికి వచ్చేసరికి ఒక సరుకులో పెరిగింది ఇంకో సరుకులో తగ్గినదాన్ని మింగేస్తుంది. ఈ కాగితంలో తేడా ఉన్నవి ఐదు వరుసలు. హెచ్చు, తగ్గు అని చూడకుండా వాటి విలువలన్నీ కూడితే 73,784 రూపాయలు. గోదాము ఎంత క్రమంలో ఉందో చెప్పేది ఈ రెండో అంకె. చాలా రిపోర్టుల్లో దానికి చోటే ఉండదు.

వరుసల్లోకి వెళ్లేముందు ఒక మాట. లెక్క పెట్టిన తీరు సరిగా లేకపోతే రిపోర్టు గురించి మాట్లాడుకోవడమే దండగ. లెక్కపెట్టేవాళ్ల చేతికిచ్చే షీటులో కంప్యూటర్ సంఖ్య ఉండకూడదు. 2,400 అని ముందే కనిపిస్తే, అలసిపోయిన మనిషికి 2,400 పాకెట్లే కనిపిస్తాయి. లెక్క నడుస్తున్నంతసేపూ సరుకు లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు. తేడా వచ్చిన సరుకును మొదట లెక్కపెట్టినవాళ్లు కాక వేరేవాళ్లు మళ్లీ లెక్కపెట్టాలి. రెండోసారీ అదే సంఖ్య వచ్చాకే ఆ వరుస రిపోర్టులోకి ఎక్కాలి.

మన కాగితంలో మొదటిది లీటరు నూనె పాకెట్లు. కంప్యూటర్లో 2,400, గోదాములో 2,280. పాకెట్టు 130 రూపాయల చొప్పున 15,600 తరుగు. దొంగతనమని గోదాము కీపర్ని పిలిచి కేకలేసే ముందు ఒక చిన్న భాగహారం చేసి చూడాలి. పెట్టెకు 12 పాకెట్లు కాబట్టి 120 అంటే సరిగ్గా పది పెట్టెలు. నిండు పెట్టెల లెక్కకు తెగిన తేడా చాలాసార్లు కాగితంలోని తప్పే అవుతుంది. చిల్లరగా చేతివాటం జరిగితే 7, 19 లాంటి తెగని అంకెలు వస్తుంటాయి. గేటు రిజిస్టరు తీస్తే సంగతి తేలింది. 30వ తేదీ సాయంత్రం లెక్క మొదలయ్యే ముందు పది పెట్టెలు ఆటో ఎక్కాయి, బిల్లు మాత్రం మర్నాడు పొద్దున కొట్టారు. సరుకు పోలేదు, బిల్లు ఆలస్యమైంది, అంతే.

ఇక్కడ తొందరపడితే అసలు లేని తప్పు కొత్తగా పుడుతుంది. తేడా కనిపించింది కదా అని అకౌంటెంట్ ఆ రాత్రే కంప్యూటర్లో 120 పాకెట్లు తగ్గించేశాడనుకోండి. పొద్దున బిల్లు కొట్టగానే ఇంకో 120 తగ్గుతాయి. వచ్చే లెక్కలో నూనె 120 పాకెట్లు ఎక్కువ తేలుతుంది. ఆ ఎక్కువ ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

రెండో వరుస టీ పొడి. కంప్యూటర్లో 260 పాకెట్లు, గోదాములో 720. అంటే 460 ఎక్కువ, విలువ 27,600. కొననిది ఎలా వస్తుంది? ఒక కేసులో 24 పాకెట్లుంటాయి. 20 కేసులు వచ్చినప్పుడు 480 అని ఎక్కించాల్సిన చోట 20 అని కొట్టారు. ఈ రకం తప్పుకు ఒక ఆనవాలుంది. కేసును పాకెట్టుగా ఎక్కిస్తే, కేసులోని సంఖ్యలో ఒకటి తీసేసి, దాన్ని వచ్చిన కేసులతో గుణిస్తే తేడా వస్తుంది. 23 ఇంటు 20, సరిగ్గా 460. దీనికి మందు కొనుగోలు ఎంట్రీని దిద్దడమే. నూనె తరుగునీ, ఇంకా కొంతనీ మొత్తంలో కనబడకుండా చేసింది ఈ ఉత్తుత్తి పెరుగుదలే.

మూడు, నాలుగు వరుసల్ని కలిపి చదవాలి. 100 గ్రాముల సబ్బులు 288 ఎక్కువ, అదే కంపెనీ 125 గ్రాములవి 288 తక్కువ. ఒకే సంఖ్య ఎదురెదురుగా కనిపిస్తే సరుకు మారిపోయిందని అనుమానించాలి. షీటులో పక్క వరుసలో రాశారేమోనని మళ్లీ లెక్కపెట్టారు, కాదు. బిల్లు చిన్న సబ్బుకు కొట్టి, పెద్ద సబ్బున్న రెండు పెట్టెలు పంపేశారు. పెద్దది 38 రూపాయలు, చిన్నది 30. సబ్బుకు 8 రూపాయల చొప్పున 2,304 నష్టం. దుకాణదారుడు ఒప్పుకుని తిరిగిస్తే సరే, లేకపోతే ఇది నిజమైన నష్టమే.

ఐదోది కందిపప్పు, 50 కిలోల బస్తాలు. 120 ఉండాల్సిన చోట 118 దొరికాయి, 11,000 తరుగు. వెతికితే ఒక బస్తా డ్యామేజీ మూలలో కనిపించింది. పగిలి, మళ్లీ కుట్టించినది. ఆ మూలను ఎవరూ లెక్కపెట్టలేదు. తూకమేస్తే 47 కిలోలు. మూడు కిలోలు నేలపాలయ్యాయి, విలువ 330. రెండో బస్తా జాడే లేదు. గేటు రిజిస్టరులో లేదు, బిల్లుల్లో లేదు, సప్లయరు చలానాలోనూ తక్కువేమీ లేదు. దాని విలువ 5,500. ఈ కాగితం మొత్తమ్మీద నిజంగా విచారించాల్సింది ఈ ఒక్క బస్తా గురించే. కేకలన్నీ నూనె దగ్గరే అయిపోతే దీని దాకా ఎవరూ రారు.

ఇప్పుడు మళ్లీ కూడుదాం. నూనె, టీ పొడి లెక్కలు సరిపోయాయి. సబ్బుల్లో 2,304, పప్పులో 5,830, మొత్తం 8,134 అసలు నష్టం. మొదటి కాగితం చెప్పిన 1,304కి ఇది ఆరు రెట్లు దాటింది.

పోయిన సరుకును పుస్తకాల్లోంచి తీసేటప్పుడు పన్ను సంగతీ ఉంటుంది. పోయిన, దొంగతనమైన, పాడైన, రద్దు రాసిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి కట్టాలని సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్) చెబుతోంది. 50 కిలోల పప్పు బస్తా మీద జీఎస్టీ లేదు కాబట్టి ఇక్కడ ఆ బాధ తప్పింది. పోయింది నూనె పెట్టె అయితే దాని మీద వాడుకున్న క్రెడిట్ కూడా వదులుకోవాల్సిందే. అందుకే కారణం గడిలో ‘సర్దుబాటు’ అని రాస్తే చాలదు. బిల్లు ఆలస్యమా, ఎంట్రీ తప్పా, సరుకు పోయిందా అన్నదాన్ని బట్టి పుస్తకంలో రాసేది మారిపోతుంది.

కారో 2020 ఉత్తర్వు వర్తించే కంపెనీల్లో ఆడిటరు ఏ తరగతి సరుకులోనైనా మొత్తంగా 10 శాతం, అంతకుమించి తేడాలు వచ్చాయా, వస్తే వాటిని పుస్తకాల్లో సరిచూపారా అన్నది తన నివేదికలో రాయాలి. మన గోదాము తేడాలన్నీ హెచ్చుతగ్గులు చూడకుండా కూడినా రెండు శాతం లోపే. ఆడిటరు అడగడు. పప్పు బస్తా ఏమైందని అడగాల్సింది యజమానే, అదీ మూడు నెలల తర్వాత వచ్చే లెక్క దాకా ఆగకుండా, గేటు దగ్గరివాళ్లకు ఆ రోజు గుర్తున్నప్పుడే.