జనవరి మెస్ బిల్లు: ఎవరి వాటా ఎంత, ఎందుకు?

హాస్టల్ పిల్లలందరికీ,

జనవరి మెస్ బిల్లు షీట్ నోటీసు బోర్డు మీద పెట్టాం. పెట్టిన సాయంత్రమే పదిమంది దాకా నా గదికి వచ్చి ఇంచుమించు ఒకే ప్రశ్న అడిగారు: "సార్, సగం నెల ఇంటి దగ్గరే ఉన్నా కదా, బిల్లు సగానికి ఎందుకు తగ్గలేదు?" అది న్యాయమైన ప్రశ్న. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకన్నా అందరికీ ఒకేసారి వివరంగా చెబుదామని ఇది రాస్తున్నాను.

అసలు జనవరిలో ఎంత ఖర్చయింది?

కొన్నదంతా ఆ నెల ఖర్చు కాదు. ఒకటో తేదీ పొద్దున స్టోరులో 18,200 రూపాయల సరుకు ఉంది. నెలలో బియ్యం, పప్పులు, నూనె, కూరగాయలు, పాలు, గుడ్లు, గ్యాస్ అన్నీ కలిపి 92,850 రూపాయలకు కొన్నాం. 31వ తేదీ రాత్రి మెస్ కమిటీ వాళ్లు ఇద్దరు నాతోపాటు స్టోరులో నిలబడి లెక్క పెడితే 12 బస్తాల బియ్యం, కొంత పప్పు, నూనె డబ్బాలు మిగిలి ఉన్నాయి. వాటి విలువ 26,500. మొదట ఉన్నది, కొన్నది కలిపి, మిగిలినది తీసేస్తే మనం తిన్నది 84,550 రూపాయల సరుకు. మిగిలిన బస్తాల డబ్బు జనవరిలో మీ మీద పడలేదు. అది ఫిబ్రవరి లెక్కలోకి వెళ్తుంది.

దీనికి తోడు వంటమాస్టారి జీతం 16,000, ఇద్దరు సహాయకులకు తలా 10,000, మొత్తం 36,000 రూపాయలు.

రెండు ఖర్చుల్నీ ఒకే రకంగా ఎందుకు పంచలేదు?

సరుకు ఖర్చు తినేవాళ్లను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. మీరు లేని రోజు మీ గిన్నె బియ్యం ఎసట్లో పడదు. అందుకే దాన్ని రోజుల లెక్కన పంచుతాం. జీతం అలా కాదు. సంక్రాంతికి 13 నుంచి 17 దాకా మెస్ మూసినా వంటవాళ్లకు నెల జీతం ఇవ్వాల్సిందే. మీరు తిరిగి వచ్చేసరికి పొయ్యి వెలిగి ఉండాలంటే వాళ్లు ఇక్కడ ఉండాలి. ఆ ఏర్పాటు హాస్టల్లో చేరిన 60 మందికోసమూ ఉంది కాబట్టి జీతాలను తలకు సమానంగా పంచాం. 36,000 ని 60 తో భాగిస్తే మనిషికి 600. ఎన్ని రోజులు తిన్నా ఈ 600 మారదు.

రోజు రేటు ఎలా వచ్చింది?

మెస్ మూసిన ఐదు రోజులు పోను జనవరిలో 26 రోజులు వంట నడిచింది. ఎవరెవరు ఎన్ని రోజులు తిన్నారో అన్నీ కూడితే 1,187 వచ్చింది. దీన్నే షీట్‌లో 'మొత్తం హాజరు రోజులు' అని రాశాం. 84,550 ని 1,187 తో భాగిస్తే రోజుకు 71 రూపాయల 23 పైసలు.

ఇప్పుడు ఇద్దరి బిల్లులు పక్కపక్కన చూడండి. ఒకరు 12వ తేదీ రాత్రి భోంచేసి ఊరెళ్లి 18న టిఫిన్ వేళకు వచ్చేశారు. 26 రోజులూ హాజరే. రోజుల వాటా 1,851.98, దానికి 600 కలిపితే 2,452 రూపాయలు. ఇంకొకరిది మాచర్ల వైపు పల్లె. మిరప కోతలకు ఇంటి దగ్గర మనుషులు దొరక్క 5న టిఫిన్ తిని వెళ్లి, 26న తిరిగి వచ్చారు. నెల మొదట్లో ఐదు రోజులు, చివర ఆరు రోజులు, మొత్తం 11. రోజుల వాటా 783.53, దానికి 600 కలిపితే 1,384 రూపాయలు.

జీతాలను కూడా రోజుల లెక్కలోనే కలిపేస్తే రేటు 101.56 అవుతుంది. అప్పుడు 11 రోజులు ఉన్నవారికి 1,117 వచ్చేది, అంటే 267 తగ్గేది. నెలంతా ఉన్నవారికి మాత్రం 2,641 పడేది, అంటే 189 పెరిగేది. ఊరెళ్లినవారి వంతు జీతం హాస్టల్లో ఉండిపోయినవారు కట్టినట్టు అవుతుంది. అందుకే ఆ పద్ధతి వద్దనుకున్నాం.

వెళ్లిన రోజు, వచ్చిన రోజు ఎలా లెక్కపెడతారు?

ఆ రోజు ఒక్క పూట తిన్నా హాజరే. పూటల లెక్క మనం పెట్టలేదు. ఇక హాజరు రోజులు తగ్గాలంటే సెలవు కనీసం వరసగా మూడు పూర్తి రోజులుండాలి, ముందు రోజు రాత్రి 8 గంటలలోపు లీవు పుస్తకంలో రాయాలి. ఎందుకంటే రేపటి ఇడ్లీకి మినప్పప్పు ఈరోజే నానబెట్టి, రాత్రికి రుబ్బేస్తారు. రాత్రి పదింటికి చెప్పాపెట్టకుండా బస్సెక్కితే మీ వాటా పిండి అప్పటికే గిన్నెలో ఉంటుంది. మూడు రోజుల నియమం వల్లే ఆదివారం ఒక్కరోజు ఊరెళ్లి వచ్చినవారికి ఆ రోజు హాజరుగానే వేశాం.

షీట్‌లో మన వరస ఎలా చూసుకోవాలి?

పేరు పక్కన 31 గడులు ఉంటాయి. తిన్న రోజుకు `P`, సెలవుకు `A`, మెస్ మూసిన రోజుకు `H`. ఆఫీసు కంప్యూటర్లో ఐదో వరసలో ఉన్న సూత్రాలు ఇవి:

```
=COUNTIF(D5:AH5,"P")
=ROUND(AI5*$AL$1+$AL$2,0)
```

మొదటిది `P` లు ఎన్నో లెక్కపెట్టి `AI5` గడిలో వేస్తుంది. రెండోది ఆ రోజుల్ని `AL1` లోని రేటుతో హెచ్చవేసి, `AL2` లోని 600 కలిపి, పైసలు లేకుండా దగ్గరి రూపాయికి సర్దుతుంది. డాలర్ గుర్తు ఎందుకంటే, సూత్రాన్ని కింది వరసలకు లాగినప్పుడు రేటు ఉన్న గడి జరిగిపోకుండా ఉండటానికి.

తప్పు దొర్లేది ఎక్కువగా గడుల్లోనే. `P` తర్వాత పొరపాటున ఖాళీ పడితే చూడటానికి మామూలుగానే ఉంటుంది కానీ సూత్రం దాన్ని లెక్కపెట్టదు. ఒకరికి అలా ఐదు రోజులు జారిపోయాయనుకోండి. మొత్తం 1,182 అయి రేటు 71.53 కు పెరుగుతుంది. ఆయనకు 340 రూపాయల పైన తగ్గుతుంది, 26 రోజులు తిన్న ప్రతి ఒక్కరి మీదా దాదాపు 8 రూపాయలు పడుతుంది. తనకు తగ్గింది కదా అని ఊరుకుంటే ఆ భారం పక్క గదివాళ్లది.

అందరి బిల్లులూ కూడితే 1,20,550 కి దగ్గరగా రావాలి. రూపాయికి సర్దడంలో ఒక్కొక్కరికి అర్ధ రూపాయికి మించి తేడా రాదు కాబట్టి 60 మందికి కలిపి 30 రూపాయలు దాటకూడదు. కానీ పైన చెప్పిన జారిపోయిన రోజుల్లాంటి తప్పు ఈ మొత్తంలో బయటపడదు. రేటు మారి మొత్తం మళ్లీ సరిపోతుంది. దాన్ని పట్టుకోగలిగేది తన వరస తను చూసుకున్న మనిషే.

అందుకే నా మనవి: ఫిబ్రవరి 5 లోపు మీ వరసలో `P` లు వేలితో లెక్కపెట్టి, లీవు పుస్తకంతో సరిచూసుకోండి. ఎక్కువైనా, తక్కువైనా నాకు చెప్పండి. సరిచేసిన షీట్ 6న పెడతాం, డబ్బు 10లోపు కట్టాలి. 15న శివరాత్రి. కోటప్పకొండ తిరునాళ్లకని మూడు రోజులు గానీ, అంతకు మించి గానీ వెళ్లేవాళ్లు ప్రభలు కట్టే హడావుడిలో పడకముందే లీవు పుస్తకంలో పేరు రాసి వెళ్లండి.

మీ వార్డెన్,
నరసరావుపేట