పుట్టింట్లో తొలి కాన్పు: ఆసుపత్రి ప్రయాణానికి ముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

తొలి కాన్పు పుట్టింటివాళ్లు చేయడం మనకు ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి అమ్మాయిని తీసుకెళ్తారు. అమ్మ దగ్గర తిండికీ విశ్రాంతికీ లోటుండదు. చిక్కల్లా వైద్యం దగ్గరే వస్తుంది. అప్పటిదాకా చూసిన డాక్టరు ఒక ఊళ్లో ఉంటే, కాన్పు చేయబోయే డాక్టరు ఇంకో ఊళ్లో ఉంటారు. ఏ రిపోర్టు ఎక్కడుందో తెలిసిన భర్త దూరంగా ఉంటాడు. అర్ధరాత్రి నొప్పులు మొదలైతే ఇంట్లో ఉండేది అమ్మానాన్నలే. అందుకే ఆ సమయానికి ఇంట్లో ఎవరుంటే వాళ్లే నడిపించగలిగేలా ఏర్పాట్లు ఉండాలి.

ఒక ఇంటిని ఊహించుకుందాం. దంపతులు ఉండేది హైదరాబాద్‌లో. అమ్మాయి పుట్టిల్లు తెనాలికి దగ్గర్లోని ఒక పల్లె. కాన్పు తెనాలిలో. భర్త బయల్దేరి రావడానికి ఆరేడు గంటలు పడుతుంది.

ముందు ఆసుపత్రి

ఈ అమ్మాయి 34 వారాలు నిండేలోపే పుట్టింటికి చేరుకుంటే మంచిది. అప్పుడు కాన్పు చేసే డాక్టరు ఆమెను కనీసం రెండు మూడుసార్లు చూడగలుగుతారు. మొదటిసారి వెళ్లినప్పుడే నాలుగు సంగతులు అడగాలి. రాత్రిపూట సిజేరియన్‌ అవసరమైతే మత్తు డాక్టరు అందుబాటులో ఉంటారా? పిల్లల డాక్టరు ఉంటారా? రక్తం ఎక్కడి నుంచి తెస్తారు? ఇక్కడ కుదరకపోతే ఏ ఆసుపత్రికి పంపుతారు? చివరి ప్రశ్నకు వచ్చిన జవాబును కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయితే జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద మందులు, పరీక్షలు, రక్తం, సిజేరియన్‌ అన్నీ ఉచితం. ప్రైవేటులో అయితే మామూలు కాన్పుకు ఎంత, సిజేరియన్‌కు ఎంత, బిడ్డను ఐసీయూలో ఉంచాల్సి వస్తే రోజుకు ఎంత అని విడివిడిగా అడగాలి. బీమా ఉంటే కాన్పు ఖర్చు అందులోకి వస్తుందో లేదో ముందే కనుక్కోవాలి. చాలా పాలసీల్లో కాన్పుకు కొన్నేళ్ల నిరీక్షణ కాలం ఉంటుంది.

ఒకే ఫైలు

కాగితాలన్నీ ఒకే ఫైల్లో ఉండాలి. అన్నిటికంటే పైన మాతా శిశు సంరక్షణ కార్డు పెట్టాలి. ఆశా కార్యకర్త లేదా ఏఎన్‌ఎం ఇచ్చే ఈ కార్డులో చివరి నెలసరి తేదీ, కాన్పు తేదీ, రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్‌, బీపీ, ధనుర్వాతం టీకాల వివరాలు ఉంటాయి. ఆమెను ఎన్నడూ చూడని డాక్టరుకైనా పరిస్థితి అర్థమయ్యేది దీంతోనే. దాని కింద స్కానింగులు తేదీల వరుసలో, ఆ తర్వాత రక్తపరీక్షలు, వాడుతున్న మందుల చీటీ పెట్టాలి. మొదటి స్కానింగు రిపోర్టును హైదరాబాద్‌లో వదిలేయకూడదు. కాన్పు తేదీని సరిగ్గా లెక్కకట్టడానికి చివరి స్కానింగు కంటే అదే నమ్మకమైనది.

రక్తం గ్రూపు నెగెటివ్‌ అయితే ఫైలు అట్ట మీదే పెద్ద అక్షరాలతో రాయాలి. పుట్టిన బిడ్డది పాజిటివ్‌ అయితే తల్లికి 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్‌ పడాలి. అదే గ్రూపు ఉండి, పిలిస్తే వచ్చి రక్తం ఇచ్చేవాళ్లను ఇద్దరిని ముందే మాట్లాడి పెట్టుకోవడం మేలు.

భార్యాభర్తల ఆధార్‌ నకళ్లు, అమ్మాయి పేరు మీదున్న బ్యాంకు పాస్‌బుక్కు నకలు కూడా అందులోనే ఉండాలి. బిడ్డ పుట్టుక నమోదయ్యేది పుట్టిన ఊళ్లోనే, కాపురముండే ఊళ్లో కాదు. అది 21 రోజుల్లో జరగాలి. ఆసుపత్రి ఫారంలో తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే పడ్డాయో లేదో డిశ్చార్జికి ముందే చూసుకుంటే, తర్వాత హైదరాబాద్‌ నుంచి తెనాలికి తిరిగే పని తప్పుతుంది.

రెండు సంచులు

36 వారాలు నిండేసరికి సంచులు సర్ది తలుపు దగ్గర పెట్టాలి. తల్లి సంచిలో ముందు వైపు తెరుచుకునే నూలు నైటీలు మూడు నాలుగు, లోదుస్తులు, పెద్ద సైజు ప్యాడ్లు, తువ్వాళ్లు, దుప్పటి, జారని చెప్పులు, ఫ్లాస్కు, గ్లాసు, చెంచా, సబ్బు, ఫోను చార్జరు ఉంటే చాలు. తోడుండే మనిషికి చాప, ఒక జత బట్టలు, కొంత చిల్లర అవసరమవుతాయి.

బిడ్డ సంచి చిన్నదే. ఉతికి ఎండలో ఆరేసిన మెత్తటి పాత నూలు గుడ్డలు పది పన్నెండు, రెండు టోపీలు, మేజోళ్లు, ఒళ్లు చుట్టడానికి మందపాటి తువ్వాలు సర్దాలి. కొత్త బట్టల గంజి, రంగు పసిబిడ్డ చర్మానికి పడవు. టోపీని మరవొద్దు, అప్పుడే పుట్టిన బిడ్డకు తల నుంచే వేడి త్వరగా పోతుంది. పాలడబ్బా, తేనె, చక్కెర నీళ్లు ఈ సంచిలో ఉండకూడదు. మొదటి గంటలో బిడ్డకు అందాల్సింది ముర్రుపాలే.

సీమంతంలో వేసిన గాజులు, మెట్టెలు, ఉంగరాలు ఆపరేషన్‌ గదిలోకి వెళ్లే ముందు తీయమంటారు. నెలలు నిండాక వేళ్లు, చేతులు వాచి అవి ఊడి రావు. సబ్బు నీళ్లతో ఇంటి దగ్గరే తీసి పెట్టుకుంటే ఆ హడావుడి ఉండదు. గోళ్ల రంగు కూడా తుడిచేయాలి. వేలికి తగిలించి ఆక్సిజన్‌ కొలిచే పరికరానికి అది అడ్డు.

ఎప్పుడు బయల్దేరాలి, దేన్లో వెళ్లాలి

తొలి కాన్పులో నొప్పులు మొదలయ్యాక బిడ్డ పుట్టడానికి సాధారణంగా చాలా గంటలు పడుతుంది. దొంగనొప్పులైతే కాసేపు పడుకున్నా, అటూ ఇటూ నడిచినా తగ్గిపోతాయి. అసలు నొప్పులు అలా తగ్గవు, అంతకంతకూ దగ్గరవుతాయి. గడియారం చూసి కాగితం మీద రాసుకుంటూ పోవాలి. 5 నిమిషాలకొకటి చొప్పున, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు వరసగా వస్తే బయల్దేరాలి. ఇల్లు దూరమైతే అంతకంటే ముందే కదలాలి.

కొన్నిటికి ఈ లెక్క వర్తించదు. నొప్పులు లేకపోయినా ఉమ్మనీరు పోతే, రక్తం పోతే, బిడ్డ కదలికలు తగ్గితే, తీవ్రమైన తలనొప్పితో కళ్లు మసకబారితే, ఫిట్స్‌ వస్తే, ఆ క్షణమే బయల్దేరాలి. ఉమ్మనీరు ఏ టైముకు పోయిందో, ఏ రంగులో ఉందో డాక్టరుకు చెప్పాలి. పచ్చగా ఉంటే బిడ్డ కడుపులోనే మలవిసర్జన చేసిందని అర్థం.

అత్యవసరమైతే 108కి ఫోన్‌ చేయాలి, అది ఉచితం. అయినా ఊళ్లో ఒక కారు లేదా ఆటో వాళ్లతో కూడా మాట్లాడి ఉంచుకోవాలి. రాత్రి ఫోను ఎత్తే మనిషేనా అన్నది ముఖ్యం. ముందే ఒకసారి ఆ దారిలో వెళ్లి రావాలి. మన ఉదాహరణలోని పల్లెకూ తెనాలికీ మధ్య రైల్వే గేటు ఉందనుకోండి. గేటు పడితే ఏ దారిన మళ్లాలో డ్రైవరుకు ఆ రోజే చూపించాలి. బైకు మీద తీసుకెళ్లడం మాత్రం వద్దు.

ఎవరికి ముందు ఫోన్‌ చేయాలి

చాలా ఇళ్లలో మొదటి ఫోను బంధువులకు పోతుంది. వరస ఇలా ఉండాలి: ముందు ఆసుపత్రి కాన్పుల గదికి, తర్వాత బండికి, తర్వాత ఆశా కార్యకర్తకు, ఆ తర్వాత భర్తకు. మిగతా చుట్టాలకు చెప్పే పని భర్తదే. ఈ నంబర్లను ఇదే వరసలో పెద్ద అంకెలతో రాసి క్యాలెండరు పక్కన అతికించాలి. ఫోను చార్జింగు అయిపోయినా, కంగారులో పేరు వెతకడం కుదరకపోయినా ఆ కాగితం పనికొస్తుంది.

ఇంకొక్కటి ముందే తేల్చుకోవాలి. సిజేరియన్‌ చేయాలని డాక్టరు చెప్పినప్పుడు "అల్లుడు వచ్చాక సంతకం పెడతాం" అని ఆగే కుటుంబాలు ఉన్నాయి. పెద్ద వయసు వచ్చిన స్త్రీ తన వైద్యానికి తానే సమ్మతి ఇవ్వవచ్చు. ఆసుపత్రివాళ్లు దగ్గరివాళ్ల సంతకం కూడా అడిగితే పుట్టింటివాళ్లు పెట్టవచ్చు. భర్త, అత్తమామలు ఆమెను పుట్టింటికి పంపే రోజే ఈ మాట చెప్పాలి: "డాక్టరు అవసరమంటే మాకోసం ఆగొద్దు. అమ్మాయి, మీరు కలిసి నిర్ణయం తీసుకోండి."