పిల్లి బొంతను ఎందుకు తొక్కుతుంది?

చలికాలం రాత్రి బొంత పరిచీ పరచకముందే పెంపుడు పిల్లి దాని మీదికి చేరుతుంది. అటూ ఇటూ తిరిగి ఒక చోటు ఎంచుకుంటుంది. ముందు కాళ్లు రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటిగా నొక్కడం మొదలుపెడుతుంది. కాలు దించినప్పుడు వేళ్లు విచ్చుకుని గోళ్లు కాస్త బయటికొస్తాయి, ఎత్తినప్పుడు మళ్లీ ముడుచుకుంటాయి. చూసేవాళ్లకు చపాతీ పిండి పిసుకుతున్నట్టే ఉంటుంది. కళ్లు సగం మూతపడి ఉంటాయి, గొంతులోంచి గురగురమనే శబ్దం వస్తుంటుంది. కొన్ని పిల్లులకు నోటి వెంట చొంగ కూడా కారుతుంది. కాసేపు అలా తొక్కాక అక్కడే ముడుచుకుని పడుకుంటుంది. బొంత దొరకకపోతే ఇంట్లోవాళ్ల ఒడినో పొట్టనో ఇలాగే తొక్కుతుంది.

మూడేళ్ల పిల్లి అయినా పన్నెండేళ్ల పిల్లి అయినా చేసే ఈ పని, అది పుట్టిన తొలి రోజుల్లోనే మొదలైంది.

పిల్లికూన పుట్టినప్పుడు దానికి కళ్లు తెరుచుకుని ఉండవు, చెవులు సరిగా వినపడవు. కళ్లు పూర్తిగా విచ్చుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా దానికి తెలిసినవి తల్లి ఒంటి వెచ్చదనం, వాసన, స్పర్శ. వాటి ఆధారంగానే పాకుతూ వెళ్లి చన్ను అందుకుంటుంది. తల్లికి సాధారణంగా ఎనిమిది చన్నులుంటాయి. పుట్టిన కొద్ది రోజుల్లోనే చాలా కూనలు తమకంటూ ఒక చన్నును ఎంచుకుని, ప్రతిసారీ దాని దగ్గరికే వెళ్తాయి. చన్ను నోటికి అందాక రెండు ముందు కాళ్లతో దాని చుట్టూ నొక్కుతూ పాలు తాగుతాయి.

ఈ నొక్కుడుకు పాడి రైతులకు బాగా తెలిసిన కారణమే ఉంది. పాలు పితికే ముందు దూడను విడిస్తే అది మూతితో పొదుగును కుమ్ముతుంది, చన్నులు చప్పరిస్తుంది. కాసేపటికి ఆవు చేపుతుంది. అప్పుడు దూడను పక్కన కట్టేసి పాలు తీస్తారు. పొదుగులో పాలు తయారై ఉన్నంత మాత్రాన అవి చన్నులోకి దిగవు. చన్నుల దగ్గర తగిలిన స్పర్శ నరాల ద్వారా తల్లి మెదడుకు చేరాలి. అక్కడి నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ రక్తంలోకి విడుదలవ్వాలి. అది వెళ్లి పాలగ్రంథుల చుట్టూ ఉన్న సన్నని కండరాలను బిగిస్తే పాలు చన్నులోకి వస్తాయి. పిల్లిలో జరిగేదీ ఇదే. దూడ మూతితో చేసే పనిని పిల్లికూన పంజాలతో చేస్తుంది. ఆ వయసులో దానికి కడుపు నిండటం, ఒళ్లు వెచ్చగా ఉండటం, భయం లేకపోవడం, కాళ్లతో నొక్కడం అన్నీ ఒకేసారి జరుగుతాయి. గురగురమనడం కూడా ఆ తొలి రోజుల్లోనే మొదలవుతుంది. పాలు తాగుతున్న కూన, పక్కన పడుకున్న తల్లి రెండూ గురగురమంటాయి.

నాలుగు వారాల వయసు నుంచి కూనలు మెత్తటి తిండి రుచి చూస్తాయి. ఎనిమిది వారాలు నిండేసరికి చాలావరకు పాలు మానేస్తాయి. ఇక చన్ను నొక్కాల్సిన అవసరం ఉండదు. అయినా ఆ కదలిక మాత్రం పోదు. మెత్తగా, వెచ్చగా ఉండేది ఏదైనా కాళ్ల కింద తగిలితే మళ్లీ మొదలవుతుంది. ఉన్ని శాలువా, పాత చీరలతో కుట్టిన బొంత, మనిషి పొట్ట, ఇంట్లో ఉన్న ఇంకో పిల్లి ఒళ్లు తల్లి పొట్టకు దగ్గరగా అనిపించే స్పర్శలే. గట్టి గచ్చు మీద పిల్లి ఇలా తొక్కడం అరుదుగా కనిపించడానికి కారణం అదే.

ఇంటి పిల్లి పెద్దయ్యాక కూడా వదలని పసి అలవాటు ఇదొక్కటే కాదు. కూనలు తల్లిని పిలవడానికి మ్యావ్ అంటాయి. పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి ఉన్నప్పుడు ఆ కూత చాలా తక్కువగా వాడతాయి, మనుషుల దగ్గర మాత్రం ధారాళంగా వాడతాయి. తిండి పెట్టేది, వెచ్చగా పడుకోనిచ్చేది మనుషులే కాబట్టి తల్లి దగ్గరి ప్రవర్తన వాళ్ల దగ్గర కొనసాగుతుంది. ఒడిలో చేరి తొక్కుతున్న పిల్లి అక్కడ తనకు ప్రమాదం లేదని అనుకుంటోందని చెప్పవచ్చు. దీనితో పాటు మరో పని కూడా జరుగుతుండవచ్చు. పిల్లి వేళ్ల మధ్య వాసన గ్రంథులు ఉంటాయి. చెట్టు మొద్దునో సోఫానో గీరినప్పుడు గోటి గాట్లతో పాటు ఆ వాసన కూడా అక్కడ మిగులుతుంది. బొంతను తొక్కినప్పుడు కూడా తన వాసన కొంత దానికి అంటుతుంది. అంతమాత్రాన ప్రతిసారీ హద్దు గీయడానికే తొక్కుతోందని అనుకోనక్కర్లేదు.

తల్లి నుంచి మరీ చిన్నప్పుడే వేరుచేసిన పిల్లులే ఇలా చేస్తాయని చాలామంది నమ్ముతారు. నిజానికి తల్లి దగ్గర నిండుగా పెరిగినవి కూడా తొక్కుతాయి. తొందరగా పాలు మాన్పించడంతో ఎక్కువగా ముడిపడేది ఇంకో అలవాటు, గుడ్డను నోట్లో పెట్టుకుని చన్నులా చప్పరించడం. సయామీ, బిర్మన్ జాతి పిల్లుల్లో ఇది ఎక్కువ. ఈ రెండు జాతుల మీద 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో, తొందరగా పాలు మాన్పించిన బిర్మన్ పిల్లుల్లో ఈ అలవాటు ఎక్కువగా కనిపించింది. తొక్కుతూ గుడ్డ అంచును తడిపి వదిలేస్తే ఫరవాలేదు. కొరికి మింగుతోందా అన్నది గమనించాలి. గుడ్డకు చిన్న చిన్న రంధ్రాలు పడటం, మలంలో దారాలు కనిపించడం దానికి గుర్తులు. మింగిన దారం పేగుల్లో చుట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. పదే పదే వాంతులు చేసుకున్నా, తిండి మానేసినా, మలవిసర్జన ఆగినా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. నోటి నుంచి గానీ మలద్వారం నుంచి గానీ దారం వేలాడుతుంటే ఇంట్లో లాగకూడదు. లోపల బిగిసి ఉంటే అది పేగును కోసేస్తుంది.

ఎదకొచ్చిన ఆడపిల్లి కూడా కాళ్లు తొక్కుతుంది, కానీ దాని తీరు వేరు. ముందు భాగం నేలకు ఆనించి, వెనక భాగం పైకెత్తి, తోకను పక్కకు తిప్పి, వెనక కాళ్లతో తొక్కుతుంది. గట్టిగా, సాగదీసి అరుస్తుంది, నేల మీద దొర్లుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని పిల్లి ఇలా చేస్తే అది జబ్బు కాదు, జత కోసం చూస్తోందని అర్థం.

మామూలు తొక్కుడుతో పెంచేవాళ్లకు వచ్చే ఇబ్బంది గోళ్లే. పిల్లి హాయిగా ఉన్నకొద్దీ గోళ్లు లోతుగా దిగుతాయి. అప్పుడు కొట్టడం, విదిలించడం వల్ల దానికి తప్పేమిటో తెలియదు, ఆ మనిషంటే భయం మాత్రం పుడుతుంది. ఒడిలో మందపాటి తువ్వాలు మడిచి వేసుకుంటే చాలావరకు సరిపోతుంది. రెండు మూడు వారాలకోసారి గోటి కొస తీసేస్తే ఇంకా మంచిది. పిల్లి మగతగా ఉన్నప్పుడు వేలి మెత్తను సున్నితంగా నొక్కితే గోరు బయటికొస్తుంది. అందులో గులాబీ రంగులో కనిపించేది రక్తనాళం ఉన్న భాగం. దానికి దూరంగా, పారదర్శకంగా ఉన్న కొసను మాత్రమే పిల్లుల గోళ్ల కత్తెరతో తీయాలి. ఒక్క పూటలో అన్నీ కుదరకపోతే ఇవాళ రెండు, రేపు రెండు తీసినా సరిపోతుంది.