లింక్డిన్‌లో ఫైలు, ఇన్‌స్టాలో బొమ్మ

ఆఫర్ లెటర్‌లో ఏడాదికి 6 లక్షలని ఉంటుంది. నెలకు 50 వేలన్నమాట. తీరా మొదటి జీతం పడ్డాక ఖాతాలో కనిపించేది 42,598 రూపాయలు. మిగతా డబ్బు ఏమైందో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు వివరించే పోస్టు ఒకటి చేయాలనుకుందాం. వేలితో పేజీలు జరుపుకుంటూ చదివే ఇలాంటి పోస్టును క్యారౌసెల్ అంటున్నారు. చాలామంది దీన్ని ఒక్కసారి తయారుచేసి లింక్డిన్‌లోనూ, ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పెట్టేస్తారు. దాంతో రెండింటిలో ఏదో ఒకచోట అది చదవబుద్ధి కాకుండా పోతుంది.

లింక్డిన్‌లో మనం ఎక్కించేది ఫైలు, సాధారణంగా పీడీఎఫ్. ఫొటోలను వరసగా జరిపి చూపే సదుపాయాన్ని ఆ సంస్థ 2023లో తీసేసింది కాబట్టి ఇప్పుడు డాక్యుమెంట్ పోస్టే దారి. ఫైలు 300 పేజీల దాకా ఉండొచ్చు. చదివేవాళ్లు దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని దాచుకుంటారు, ఆఫీసు కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తారు. ఇన్‌స్టాలో పెట్టేవి బొమ్మలు. 2017లో పదితో మొదలై, 2024 నుంచి ఇరవై వరకు పెట్టనిస్తున్నారు. వాటిని చూసేది ఫోన్‌లో, రీల్‌కూ రీల్‌కూ మధ్య. నిడివి, మాటతీరు ఎలా ఉండాలో ఈ తేడాయే చెబుతుంది.

మన జీతం లెక్కనే తీసుకోండి. 50 వేలలో బేసిక్ 25 వేలు. దాని మీద 12 శాతం చొప్పున కంపెనీ పీఎఫ్ వాటా 3,000, గ్రాట్యుటీ కింద పక్కన పెట్టేది 1,202. ఈ 4,202 రూపాయలు చేతికి రాకముందే పోయాయి. మిగిలిన 45,798లో ఉద్యోగి పీఎఫ్ వాటా 3,000, వృత్తి పన్ను 200 తీసేస్తే 42,598 తేలుతుంది.

లింక్డిన్‌లో దీనికి తొమ్మిది పది పేజీలు ఇవ్వొచ్చు. పేజీకి ఒక అంశం, నలభై యాభై మాటలు. ముఖ్యంగా ఒక పేజీని మినహాయింపులకు కేటాయించాలి. కొన్ని కంపెనీలు పీఎఫ్‌ను 15 వేల మీదే లెక్కగట్టి 1,800 మాత్రమే కోస్తాయి. ఆ సంగతి వదిలేశామా, హెచ్ఆర్‌లో పనిచేసేవాళ్లు కామెంట్లలో వచ్చి సరిదిద్దుతారు. అక్కడ మన పేరు కింద మన ఉద్యోగం కూడా కనిపిస్తుంది. అందుకే స్వరం నిలకడగా ఉండాలి: ‘6 లక్షల ప్యాకేజీలో చేతికొచ్చేది ఎంత? లైను లైనుగా లెక్క’. చివరి పేజీలో, ఆఫర్‌కు ఒప్పుకునేముందు హెచ్ఆర్‌ను ఏమేం అడగాలో రాస్తే ఫైలును దాచుకోవడానికి కారణం దొరుకుతుంది.

ఇన్‌స్టాలో అదే విషయం ఆరు స్లైడ్లలో సరిపోతుంది. స్లైడుకు పది పదిహేను మాటలు మించనివ్వకండి. ‘ఆఫర్ 50 వేలు. ఖాతాలో 42,598. మిగతాది ఏదీ?’ అని మొదలుపెట్టొచ్చు. పక్కన కూర్చున్న స్నేహితుడు అడిగినట్టుంటే చాలు. 1,800 మినహాయింపును బొమ్మ మీద కాకుండా కింది క్యాప్షన్‌లో రాయాలి. చివరి స్లైడు: ‘ఆఫర్ లెటర్ అందుకున్న ఫ్రెండ్‌కి పంపండి’.

రెండో స్లైడు విషయంలో చాలామంది పొరపడతారు. మొదటిసారి జరపకుండా వెళ్లిపోయినవాళ్లకు ఇన్‌స్టా అదే పోస్టును మరోసారి, రెండో బొమ్మతో చూపించవచ్చు. అక్కడ ‘అదెలాగంటే...’ అని రాసి ఉంటే తలాతోకా తెలియదు. ‘50 వేల జీతంలో 4,202 చేతికి రాకముందే పోతుంది’ అని రాస్తే మొదటి స్లైడు చూడనివాళ్లకూ అర్థమవుతుంది.

లింక్డిన్ పేజీలనే ఇన్‌స్టాలో పెడితే ముందు దెబ్బతినేది అక్షరం. అడ్డంగా ఉన్న పేజీ ఫోన్‌లో కుంచించుకుపోతుంది. మన తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరసలు దగ్గరైతే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. 1080 పిక్సెళ్ల వెడల్పు, 1350 ఎత్తు ఉన్న బొమ్మ తీసుకుని, వరసల మధ్య జాగా ఎక్కువగా వదిలి, మీ ఫోన్‌ను చేయి చాచి పట్టుకుని చదవండి. కళ్లు చిట్లించాల్సి వస్తే మాటలు తగ్గించాలి, అక్షరాన్ని మాత్రం చిన్నది చేయకూడదు.

పోస్టు దారి తప్పిందో లేదో కామెంట్లే చెబుతాయి. ఆరో పేజీలో వివరించిన విషయాన్నే లింక్డిన్‌లో పలువురు అడుగుతున్నారంటే వాళ్లు అక్కడిదాకా రాలేదు. పేజీలు తగ్గించండి, లేదా ఆ విషయాన్ని ముందుకు తెండి. ఇన్‌స్టాలో లైకులు వచ్చి సేవ్‌లు, షేర్లు రాకపోతే మొదటి బొమ్మ ఆకట్టుకుంది గానీ లోపల దాచుకోదగ్గది లేదని అనుకోవాలి.

లింక్డిన్‌లో ఒకసారి పోస్టు చేశాక పైన రాసిన మాటల్ని మార్చుకోవచ్చు గానీ ఫైలును మార్చే వీల్లేదు. తప్పు దొర్లితే మొత్తం తీసేసి మళ్లీ పెట్టాలి, అప్పటికి వచ్చిన కామెంట్లన్నీ పోతాయి. పీడీఎఫ్ ఎక్కించే ముందు ప్రతి అంకెనూ మరోసారి కూడి చూసుకోండి.